హెచ్‌-1బి లాటరీ: పేరు వేయించే ముందు చూసుకోవాల్సినవి, రాకపోతే చేయాల్సినవి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు నుంచి ఏటా సంక్రాంతి దాటగానే అమెరికా ఉద్యోగ వీసా హెచ్‌-1బి గురించి అవే ప్రశ్నలు వస్తాయి. మా అమ్మాయి పేరు లాటరీలో ఎలా వేయించాలి? ఇద్దరు ముగ్గురి చేత వేయిస్తే మంచిదా? రాకపోతే ఏం చేయాలి? విడివిడిగా జవాబులు చెప్పే బదులు పని జరిగే వరసలోనే అంతా ఇక్కడ రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. 2026 మార్చి రిజిస్ట్రేషన్ నుంచి ఇది అందరికీ సమానమైన లాటరీ కాదు. జీతం స్థాయిని బట్టి ఒకరి పేరు మీద ఒక చీటీ పడితే, ఇంకొకరి పేరు మీద నాలుగు పడతాయి. అందుకే అసలు పని డ్రా రోజున కాదు, దానికి మూడు నాలుగు నెలల ముందు ఉంటుంది.

## 1. మీరు ఏ వరసలో ఉన్నారో తేల్చుకోండి

దరఖాస్తుదారులు మూడు రకాలు. దారి ముగ్గురికీ ఒకటి కాదు.

అమెరికాలో చదువుకుని, చదువు తర్వాత విద్యార్థులకిచ్చే పని అనుమతి ఓపీటీ మీద పనిచేస్తున్నవారు. ఈ మార్గదర్శి ఎక్కువగా ఉపయోగపడేది వీరికే.

ఇండియాలో ఉండి ఇక్కడి నుంచే వెళ్లాలనుకునేవారు. 2025 సెప్టెంబరు 21 నుంచి అమలైన అధ్యక్ష ఉత్తర్వు ప్రకారం, అమెరికా బయట ఉన్న వ్యక్తి కోసం కొత్త హెచ్‌-1బి పిటిషన్ వేస్తే యజమాని 1,00,000 డాలర్లు అదనంగా కట్టాలి. ఉత్తర్వు 12 నెలల గడువుతో వచ్చింది, పొడిగించే వీలుంది. కాబట్టి పేరు వేయించే ముందు అది అమల్లో ఉందో లేదో చూసుకోండి. అమల్లో ఉంటే కంపెనీని సూటిగా అడగండి: "పేరు వస్తే ఈ లక్ష డాలర్లు మీరు కడతారా?" సమాధానం నసుగుడుగా ఉంటే మీ సమయాన్ని 8వ భాగం మీద పెట్టండి.

ఇంతకుముందు హెచ్‌-1బి తీసుకుని కోటాలో లెక్కకెక్కినవారు. ఆరేళ్ల గడువులో ఇంకా మిగిలి ఉంటే సాధారణంగా మళ్లీ లాటరీ అవసరం లేదు. ఈ సంగతి తెలియక లాటరీ కోసం ఎదురుచూసేవాళ్లు ఉన్నారు.

## 2. పాస్‌పోర్టు, పేరు సరిచూసుకోవడం

లాటరీ ఇప్పుడు మనిషిని గుర్తుపట్టేది పాస్‌పోర్టు నంబరుతో. రిజిస్ట్రేషన్ నాటికి పాస్‌పోర్టు చెల్లుబాటులో ఉండాలి, తర్వాత పిటిషన్‌లో కూడా అదే పాస్‌పోర్టు చూపాలి. మధ్యలో మార్చుకుంటే ఎందుకు మారిందో కాగితాలతో వివరించుకోవాలి. గడువు ఏడాదిలోపు ఉంటే జనవరికి ముందే కొత్తది తీసుకోండి.

సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లకు ఇక్కడొక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఆంధ్రలో ఇంటిపేరు పూర్తిగా రాస్తారు. ఒడిశా బోర్డు సర్టిఫికెట్లలో మన ఇంటిపేరు 'కె.' లాంటి ఒక్క అక్షరమై ముందు కూర్చుంటుంది, చివరి 'రావు' ఇంటిపేరు అయిపోతుంది. పాస్‌పోర్టు తీసేటప్పుడు కొందరికి ఇంటిపేరు గడిలో రావు పడుతుంది, కొందరికి అసలైన ఇంటిపేరు పడుతుంది, కొందరికి ఆ గడి ఖాళీగానే ఉంటుంది. అలా ఖాళీగా ఉన్నవారికి అమెరికా వీసాలో పేరు మొత్తం ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు ఉండాల్సిన చోట పేరు తెలియదనే అర్థంలో `FNU` అని వస్తుంది.

రిజిస్ట్రేషన్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే పడాలి. డిగ్రీ పట్టాలో వేరుగా ఉంటే కంగారు పడనక్కర్లేదు. రెండు పేర్లూ ఒకరివే అని చూపే అఫిడవిట్, పదో తరగతి సర్టిఫికెట్ సిద్ధంగా ఉంచుకుంటే పిటిషన్ సమయానికి పనికొస్తాయి. పాస్‌పోర్టులోనే దిద్దుబాటు కావాలంటే ఒడిశా మొత్తానికి ప్రాంతీయ కార్యాలయం భువనేశ్వర్‌లో ఉంది. పోలీసు విచారణకు పట్టే సమయాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

డిసెంబరు నాటికి చేతిలో ఉండాల్సినవి:

- చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు, పాతదాని మొదటి, చివరి పేజీల కాపీలు
- డిగ్రీ పట్టా, అన్ని సెమిస్టర్ల మార్కుల జాబితాలు
- అమెరికా మాస్టర్స్ కోటా అడుగుతుంటే, ఆ విశ్వవిద్యాలయం ప్రభుత్వానిదో లాభాపేక్ష లేనిదో అనడానికీ, దానికి గుర్తింపు ఉందనడానికీ ఆధారం
- మూడేళ్ల బీఎస్సీ, బీకాం మాత్రమే ఉంటే పాత కంపెనీల అనుభవ పత్రాలు (తక్కువైన ఒక్కో చదువు ఏడాదికి మూడేళ్ల సంబంధిత అనుభవం లెక్క)

మాస్టర్స్ కోటా విషయంలో తొందరపాటు వద్దు. లాభం కోసం నడిచే సంస్థలో చేసిన మాస్టర్స్ ఈ కోటాకు పనికిరాదు. పిటిషన్ వేసే నాటికి డిగ్రీ పూర్తి కాకపోయినా అంతే. అర్హత లేకుండా ఆ గడి టిక్ చేసి ఎంపికైతే, పిటిషన్ తిరస్కరణతో ఆ ఏడాది అవకాశం పోతుంది.

## 3. జీతం స్థాయి లెక్క

ఎక్కువమంది వదిలేసే భాగం ఇదే. ఫలితాన్ని మార్చగలిగే భాగమూ ఇదే.

అమెరికా కార్మిక శాఖ ప్రతి ఉద్యోగానికీ, ప్రతి ప్రాంతానికీ నాలుగు జీతం స్థాయిలు ప్రకటిస్తుంది. కంపెనీ ఇస్తానన్న జీతం ఏ స్థాయిని అందుకుంటుందో చూసి మొదటి స్థాయికి ఒకటి, రెండో స్థాయికి రెండు, మూడోదానికి మూడు, నాలుగోదానికి నాలుగు చీటీలు వేస్తారు. ఈ అంకెలు `flag.dol.gov` లో ఎవరైనా చూడొచ్చు. కంపెనీ వకీలు చెప్పేదాకా ఆగనక్కర్లేదు.

చూడాల్సిన వరస:

1. కంపెనీ హెచ్‌ఆర్‌ని ఉద్యోగపు కోడ్ అడగండి. సాఫ్ట్‌వేర్ డెవలపర్ అయితే `15-1252`.
2. పనిచేసే ఊరు ఏ ప్రాంతం కిందకి వస్తుందో చూడండి. ఇంటి నుంచి పనిచేస్తుంటే మీ ఇల్లున్న చోటే పని ప్రాంతం.
3. ఆ కోడ్‌కీ ఆ ప్రాంతానికీ ఉన్న నాలుగు అంకెలు రాసుకోండి.
4. మీ జీతం వాటిలో ఏ అంకెను చేరిందో చూడండి. రావొచ్చు రాకపోవచ్చు అనే బోనస్‌ను కలపకండి.

ఒక కేసు తీసుకుందాం. పర్లాకిమిడి అమ్మాయి బరంపురంలో బీటెక్ చేసి, డల్లాస్ దగ్గర ఎంఎస్ ముగించి, అక్కడే డెవలపర్‌గా చేరింది. కంపెనీ ఇస్తున్న జీతం 1,01,000 డాలర్లు. ఆ ప్రాంతపు స్థాయిలు 80,000, 1,03,000, 1,26,000, 1,49,000 అనుకుందాం. (ఇవి లెక్క అర్థం కావడానికి వేసిన అంకెలు. అసలువి ఏటా జూలైలో మారతాయి.)

ఆమె జీతం రెండో స్థాయికి 2,000 డాలర్లు తక్కువ. కాబట్టి ఒకటే చీటీ. జనవరిలో జీతం పెంపు ఎలాగూ ఉందనుకోండి, దాన్ని 1,03,000కు చేర్చమని మేనేజర్‌ని అడగడం ఆమె చేయగలిగిన అతి చవకైన ప్రయత్నం. ఏడాదికి 2,000 డాలర్ల ఖర్చుతో చీటీలు రెండవుతాయి. అదే జీతంతో ఆమె శాన్‌హోసేలో ఉంటే లెక్క వేరే. అక్కడ స్థాయిలు చాలా ఎక్కువ, 2,000 పెంచినా ఏమీ మారకపోవచ్చు.

మూడు జాగ్రత్తలు. పెంపు కాగితం మీదే కాదు, నిజంగా ఇవ్వాలి. పిటిషన్‌లో అదే జీతం చూపాలి, ఎంపిక కోసం పెంచి తర్వాత తగ్గించినట్టు కనిపిస్తే తిరస్కరించవచ్చు. రెండు మూడు చోట్ల పనిచేయాల్సి ఉంటే ఆ చోట్లన్నింటిలో అతి తక్కువ స్థాయినే లెక్కలోకి తీసుకుంటారు. మూడోది, ఉద్యోగ అర్హతలను బట్టి కంపెనీ లేబర్ కాగితాల్లో రాసే స్థాయి వేరు, చీటీల కోసం జీతాన్ని బట్టి చూసే స్థాయి వేరు. హెచ్‌ఆర్ "నీది లెవల్ 1 ఉద్యోగం" అంటే అక్కడితో ఆగిపోకండి, ఏ స్థాయి గురించి చెబుతున్నారో అడగండి.

## 4. రిజిస్ట్రేషన్ రోజులు

మీ పేరు మీరు వేసుకోలేరు. కంపెనీ లేదా దాని వకీలు అమెరికా వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ ఆన్‌లైన్ ఖాతాలో వేస్తారు. రుసుము ఒక్కొక్కరికి 215 డాలర్లు. అది కంపెనీ ఖర్చు.

2026లో రిజిస్ట్రేషన్ కిటికీ మార్చి 4 నుంచి 19 వరకు, రెండు రోజులూ అమెరికా తూర్పు తీరపు మధ్యాహ్నం 12కి. మన గడియారంలో అయితే తెరిచేది రాత్రి 10:30కి, మూసేది రాత్రి 9:30కి. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం గంట ముందుకు జరుపుకుంటారు, తేడా అందుకే. చివరి రోజు ఇక్కడి నుంచి ఫోన్లు చేసి తొందరపెట్టే తల్లిదండ్రులు ఈ గంట సంగతి గుర్తుంచుకోవాలి. ముందు వేసినా చివర్లో వేసినా అవకాశం ఒకటే, కాని ఆఖరి రోజు దాకా లాగితే తప్పు దిద్దుకునే వీలుండదు.

ఇప్పుడు పాత అలవాటు సంగతి. ఒకప్పుడు నాలుగు కన్సల్టెన్సీల చేత వేయిస్తే నాలుగు అవకాశాలు. 2024 నుంచి ఎందరు వేసినా పాస్‌పోర్టుకు ఒక్క లెక్కే. కొత్త పద్ధతిలో ఇది నష్టం కూడా. ఇద్దరు యజమానులు వేరువేరు స్థాయిల్లో వేస్తే తక్కువ స్థాయినే తీసుకుంటారు. మన డల్లాస్ అమ్మాయి కంపెనీ రెండో స్థాయిలో వేసిందనుకోండి. "ఎందుకైనా మంచిది" అని మామయ్యగారు తెలిసినవాళ్ల కన్సల్టెన్సీ చేత మొదటి స్థాయిలో ఇంకొకటి వేయించారు. ఆయన సాయం వల్ల ఆమె రెండో చీటీ పోయింది.

ఒకే కంపెనీ ఒకే మనిషి పేరు రెండుసార్లు వేస్తే రెండూ చెల్లవు.

పంపే ముందు కంపెనీని అడిగి సరిచూసుకోవాల్సినవి:

- పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయా
- మాస్టర్స్ కోటా గడి నిజానికి తగ్గట్టు ఉందా
- ఉద్యోగ కోడ్, ప్రాంతం, జీతం స్థాయి మూడూ సరిపోయాయా
- రుసుము పోయిందా, స్టేటస్ `Submitted` అయిందా, నిర్ధారణ కాపీ మీకు ఇచ్చారా

"లాటరీ గ్యారంటీ, ఇన్ని లక్షలు" అని ఎవరైనా అంటే మాట అక్కడితో ఆపేయండి. డ్రా మీద ఎవరి చేయీ పడదు.

## 5. అవకాశం ఎంత?

కోటా ఏడాదికి 65,000, అమెరికా మాస్టర్స్ వారికి అదనంగా 20,000. అందరూ పిటిషన్ వేయరు, వేసినవన్నీ ఆమోదం పొందవు, అందుకే అంతకంటే ఎక్కువమందిని ఎంపిక చేస్తారు. 2025 మార్చిలో అర్హమైన రిజిస్ట్రేషన్లు 3,43,981 అయితే ఎంపికైనవి 1,20,141, అంటే దాదాపు 35 శాతం. ఈ 35ని చూసి ఇప్పుడు లెక్కలు వేసుకోకండి, అది పాత పద్ధతి.

కొత్త పద్ధతికి అమెరికా హోంల్యాండ్ శాఖ ఇచ్చిన అంచనా ఇలా ఉంది: మొదటి స్థాయికి సుమారు 15 శాతం, రెండోదానికి 31, మూడోదానికి 46, నాలుగోదానికి 61. దరఖాస్తులు తగ్గితే ఇవి పెరుగుతాయి.

ఒక్క ఏడాది కాకుండా మీకు ఎన్ని ప్రయత్నాలున్నాయో చూడండి. డల్లాస్ అమ్మాయి ఓపీటీ 2025 జూలైలో మొదలైంది. ఏడాది ఓపీటీ, ఆపై సైన్స్, ఇంజనీరింగ్ లాంటి చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు 24 నెలలు, మొత్తం 2028 జూలై దాకా. అంటే 2026, 2027, 2028 మార్చిలు, మూడు ప్రయత్నాలు. మూడేళ్లూ మొదటి స్థాయిలోనే ఉండిపోతే ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు 39 శాతం. రెండో స్థాయిలో 67కు దగ్గర. మొదటి ఏడాది ఒకటి, తర్వాత రెండేళ్లూ రెండో స్థాయి అయితే 59 దాకా వస్తుంది. ఎడ్యుకేషన్ లోన్ లెక్క వేసుకునే ఇంట్లో చూడాల్సిన అంకె ఇదీ. పొరుగింటివాళ్ల అబ్బాయికి మొదటిసారే వచ్చిందన్నది లెక్కలోకి రాదు.

స్టెమ్ పొడిగింపుకు ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో కంపెనీ నమోదై ఉండాలి. ఉద్యోగంలో చేరే ముందే అడగండి, లేకపోతే మూడు ప్రయత్నాలు ఒకటో రెండో అయిపోతాయి.

## 6. ఫలితం చదవడం, వచ్చిన తర్వాత

మార్చి నెలాఖరుకు మొదటి ఎంపిక ముగుస్తుంది. ఖాతాలో `Selected` అని ఉంటే ఎంపికైనట్టు. `Submitted` అనే ఉంటే ఇంకా వరసలో ఉన్నట్టు. `Not Selected` అని మారితే ఆ ఏడాదికి ముగిసినట్టు. ఏప్రిల్లో `Submitted` చూసి పోయిందనుకుంటారు కొందరు. 2024లో ఆగస్టులో రెండో ఎంపిక జరిగింది. అయితే 2025లో జరగలేదు, జూలైలోనే కోటా నిండిందని ప్రకటించారు. అంచేత రెండో విడత మీద ప్లాన్ కట్టకండి.

ఎంపికైతే ఏప్రిల్ 1 నుంచి కనీసం 90 రోజుల గడువు ఉంటుంది, ఆలోగా కంపెనీ పూర్తి పిటిషన్ వేయాలి. దానికి ముందు కార్మిక శాఖ నుంచి లేబర్ కాగితం తెచ్చుకోవాలి, దానికే ఏడు పనిదినాలు పడుతుంది. హెచ్‌-1బి మీద పని అక్టోబరు 1 నుంచి. ఈలోగా ఓపీటీ అయిపోతున్నవారికి, గడువు ఉండగానే విద్యార్థి స్థితి నుంచి హెచ్‌-1బికి మారే స్థితి మార్పు పిటిషన్ వేస్తే పని చేసుకునే అనుమతి కొనసాగుతుంది.

స్థితి మార్పు పిటిషన్ పెండింగ్‌లో ఉండగా అమెరికా దాటకండి. దాటితే స్థితి మార్పు అడిగింది వదిలేసుకున్నట్టవుతుంది, లక్ష డాలర్ల ఉత్తర్వు అమల్లో ఉంటే అది కూడా మీద పడొచ్చు. బూఢీ ఠాకురాణి యాత్ర బరంపురంలో రెండేళ్లకోసారి సరిగ్గా ఈ వేసవి నెలల్లోనే వస్తుంది, పెళ్లిళ్లూ అప్పుడే. ఇంట్లోవాళ్లు టికెట్ బుక్ చేసే ముందు వకీలుని అడగనివ్వండి. తప్పనిసరిగా రావాల్సి వస్తే పిటిషన్‌ని ప్రీమియం పద్ధతిలో వేయించి, 15 పనిదినాల్లో నిర్ణయం చూసుకుని, ఆ తర్వాతే ప్రయాణం పెట్టుకోవచ్చు. తిరిగి వెళ్లడానికి వీసా స్టాంపు కావాలి. ఒడిశావాసులకు అమెరికా కాన్సులేట్ హైదరాబాద్‌ది, అక్కడ స్లాట్ దొరకడానికి ఎంత కాలం పడుతుందో ముందే చూసుకోవాలి.

## 7. రాకపోతే: అమెరికాలో ఉన్నవారికి

మొదటి పని, వచ్చే మార్చికి ఓపీటీ ఉంటుందా అన్నది తేదీలతో రాసుకోవడం. ఉంటే ఆ ఏడాదిలో జీతం స్థాయి ఎలా పెంచుకోవాలో చూడండి. డల్లాస్ కేసులో, అదే జీతానికి స్థాయిలు తక్కువగా ఉన్న ఊరిలో కంపెనీకి ఆఫీసు ఉంటే అక్కడికి మారడమూ ఒక మార్గమే. నిజంగా అక్కడికి వెళ్లి పనిచేయాలి, అంతే.

రెండోది, లాటరీ అక్కరలేని యజమానులు. విశ్వవిద్యాలయాలు, వాటికి అనుబంధంగా ఉండే లాభాపేక్ష లేని సంస్థలు, పరిశోధన సంస్థలు ఏ నెలలోనైనా హెచ్‌-1బి వేయొచ్చు. జీతం తక్కువగానే ఉంటుంది. అక్కడి నుంచి మామూలు కంపెనీకి మారాలంటే మళ్లీ లాటరీకి రావాలి. ఈ రెండూ తెలిసి వెళ్తే ఇది మంచి దారి.

మూడోది, చేస్తున్న కంపెనీకి ఇండియాలో ఆఫీసు ఉంటే ఇక్కడికి వచ్చి ఏడాది పనిచేసి, సంస్థలోపలి బదిలీలకిచ్చే ఎల్‌-1 వీసా మీద తిరిగి వెళ్లడం. ఎల్‌-1కి లాటరీ లేదు, లక్ష డాలర్ల ఉత్తర్వు దానికి వర్తించదు. గత మూడేళ్లలో వరసగా ఏడాది అదే సంస్థ విదేశీ శాఖలో పనిచేసి ఉండాలి. మేనేజర్ హోదా అయినా, ఆ సంస్థకే చెందిన ప్రత్యేక పరిజ్ఞానం అయినా చూపాలి. మామూలు డెవలపర్‌కి ఈ రెండోది రుజువు చేయడం కష్టం, వెనక్కి రాకముందే కంపెనీ వకీలుతో రాతపూర్వకంగా అడిగించుకోండి.

అనుమతి పొడిగించుకోవడం కోసం, చేరిన రోజు నుంచే పనిచేసుకోవచ్చని చెప్పే రెండో మాస్టర్స్‌లో చేరమని సలహాలు వస్తాయి. నేను వద్దనే అంటాను. తర్వాత హెచ్‌-1బి వేసినప్పుడు ఆ చదువు నిజమైనదేనా అని అడిగే అవకాశం ఎక్కువ, ఫీజు మాత్రం ముందే పోతుంది.

ఓపీటీ ముగిశాక సర్దుకోవడానికి 60 రోజులుంటాయి, ఆ రోజుల్లో పని చేయకూడదు.

## 8. రాకపోతే: ఇండియాలో ఉన్నవారికి

జర్మనీ. ఉద్యోగం చేతికొస్తే, నిపుణులకిచ్చే అనుమతి బ్లూ కార్డ్‌కి లాటరీ లేదు. జీతం వాళ్లు ఏటా ప్రకటించే కనీసాన్ని దాటాలి, డిగ్రీ గుర్తింపు ఉండాలి. దీన్ని `anabin` అనే డేటాబేస్‌లో చూసుకోవచ్చు. మీ విశ్వవిద్యాలయం పక్కన గుర్తింపు ఉన్నట్టు చెప్పే `H+` ఉందో లేదో ముందు చూడండి. కాలేజీ పేరుతో కాక, పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయం పేరుతో వెతకాలి. గుణుపురం, బరంపురం, రాయగడ కాలేజీల్లో చదివినవారిలో చాలామంది పట్టా మీద వేరే విశ్వవిద్యాలయం పేరు ఉంటుంది. జాబితాలో లేకపోతే విడిగా మూల్యాంకనం చేయించుకోవాలి, దానికి నెలలు పడుతుంది. ఈ ఒక్క పనీ లాటరీ ఫలితం కోసం ఆగకుండా జనవరిలోనే మొదలుపెట్టొచ్చు.

బ్రిటన్ యువ నిపుణుల పథకం. ఇదీ లాటరీయే, కాని పేరు వేయడం ఉచితం, మీరే వేసుకోవచ్చు, యజమాని అక్కరలేదు. 18 నుంచి 30 ఏళ్ల భారతీయ పట్టభద్రులకు ఏడాదికి 3,000 స్థానాలు, రెండేళ్లు ఉండొచ్చు. ఖాతాలో 2,530 పౌండ్లు 28 రోజుల పాటు వరసగా ఉన్నట్టు చూపాలి. డ్రా తెరిచేది రెండు రోజులే, సాధారణంగా ఫిబ్రవరి, జూలైల్లో. పేరు వచ్చాక డబ్బు కోసం తిరిగితే దరఖాస్తు గడువు దాటిపోవచ్చు, అందుకే ఆ మొత్తాన్ని ముందే ఖాతాలో వేసి ఉంచండి.

ఆస్ట్రేలియా మేట్స్ అనే యువ పట్టభద్రుల పథకం. దీనికీ డ్రా ఉంది, ఏడాదికి 3,000 మంది. భారత ప్రభుత్వ ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వంద సంస్థల్లో, వాళ్లు చెప్పిన రంగాల్లో చదివినవారికే. మన చుట్టుపక్కల కాలేజీల వారిలో చాలామందికి ఇక్కడే దారి మూసుకుపోతుంది, రుసుము కట్టే ముందు జాబితా చూసుకోండి.

ఎల్‌-1. హైదరాబాద్, భువనేశ్వర్ ఆఫీసుల్లో అమెరికా సంస్థలకు పనిచేస్తున్నవారు మేనేజర్‌ని అడగాల్సింది హెచ్‌-1బి గురించి కాదు, దీని గురించి.

వీటిలో ఒకదాన్ని ఎంచుకుని, దాని మొదటి కాగితం పనిని మార్చి 31కి ముందే పెట్టుకోండి. జర్మనీ అయితే డిగ్రీ పరిశీలన, బ్రిటన్ అయితే ఖాతాలో డబ్బు, ఎల్‌-1 అయితే ఇండియా ఆఫీసులో చేరిన తేదీ రాసి ఉన్న లెటర్.